రిక్రూటర్ వర్డ్ ఫైలే కావాలంటే ఏమని జవాబివ్వాలి: అపోహలు – వాస్తవాలు

హైదరాబాదులో ఐటీ ఉద్యోగులను కాంట్రాక్టు పద్ధతిపై పెద్ద కంపెనీలకు పంపే ఒక స్టాఫింగ్ సంస్థలో నేను 11 ఏళ్లుగా రిక్రూటర్‌గా పనిచేస్తున్నాను. ఈ పనిలో నేను అభ్యర్థులకు ఎక్కువసార్లు రాసిన వాక్యం ఒకటుంది: "మీ రెజ్యూమెను దీనితో పంపుతున్న నమూనాలో, వర్డ్ ఫైలుగా, ఈరోజు నాలుగు గంటల్లోగా పంపండి." దీనికి వచ్చే జవాబులు రెండు రకాలుగా ఉంటాయి. కొందరు అడిగినదల్లా ఆలోచించకుండా నింపి పంపేస్తారు. మరికొందరు నొచ్చుకుని, తమ పీడీఎఫ్‌నే మళ్లీ జతచేసి "ఇందులో అన్నీ ఉన్నాయి మేడం" అంటారు. ఈ రెండింటి వెనుకా కొన్ని అపోహలున్నాయి. వాటిని బల్లకు ఇవతల కూర్చున్న మనిషిగా వివరించే ప్రయత్నం చేస్తాను.

అపోహ: పీడీఎఫ్‌ను కంప్యూటర్ చదవలేదు కాబట్టే వర్డ్ అడుగుతారు.

వాస్తవం: మేము వర్డ్ అడిగేది ముఖ్యంగా దిద్దుకోవడానికి. ఈ మాట మాలో చాలామంది బయటికి చెప్పరు. మధ్యవర్తి సంస్థ మీ రెజ్యూమెను క్లయింటుకు పంపే ముందు మీ ఫోన్ నంబరు, ఈమెయిలు తీసివేస్తుంది. పైన తన లోగో పెడుతుంది. క్లయింటు కోరిన వరుసలో భాగాలను అమరుస్తుంది. ఫోన్ నంబరు తీసివేయడానికి కారణం, క్లయింటు మమ్మల్ని దాటి నేరుగా మీతో మాట్లాడుకోకూడదన్న వ్యాపార జాగ్రత్తే. ఇందులో రహస్యమేమీ లేదు, మోసమూ లేదు. అయితే దిద్దడానికి వీలైన ఫైలు ఇస్తున్నామన్న సంగతి మీ జవాబులో కనబడాలి. ఎలాగో కిందికి వచ్చాక చెబుతాను.

ఇక కంప్యూటర్ చదవడం సంగతి. వర్డ్ నుంచి నేరుగా తీసిన సాధారణ పీడీఎఫ్‌ను రెజ్యూమెలు చదివే సాఫ్ట్‌వేర్లు చాలావరకు బాగానే చదువుతాయి. చిక్కంతా అక్షరాలు బొమ్మగా మారిపోయిన ఫైళ్లతోను, రెండు నిలువు వరుసల డిజైన్లతోను వస్తుంది. అటువంటి పీడీఎఫ్‌ను వెబ్‌సైటులో పెట్టి వర్డ్‌గా మార్చి పంపితే, చూడటానికి ఒకలా ఉన్నా లోపల అది విడివిడి పెట్టెల కుప్పగా ఉంటుంది. పంపే ముందు ఒక పరీక్ష చేసుకోండి. ఫైలు తెరిచి Ctrl+A నొక్కి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. హెడర్‌లో రాసుకున్న పేరు, నంబరు అక్కడికి రావు. పెట్టెల్లో ఉన్న మాటలు రాకపోవచ్చు, లేదా చోటు తప్పి రావచ్చు. ఒక కంపెనీ పేరు కింద మరో కంపెనీ తేదీలు కనిపిస్తే, మా సిస్టమ్‌లోనూ దాదాపు అలాగే కనిపిస్తాయని అనుకోవచ్చు. అప్పుడు ఆ ఫైలుకు అతుకులు వేస్తూ కూర్చోకుండా, ఖాళీ వర్డ్ పేజీలో ఒకే నిలువు వరుసగా మొత్తం మళ్లీ టైపు చేసుకోవడం మేలు. గంటన్నర పడుతుంది, తరువాత ప్రతి నమూనాకూ ఆ ఫైలే ముడిసరుకు అవుతుంది.

అపోహ: కంపెనీ నమూనా అంటే పాత రెజ్యూమెలోని మాటలను కొత్త గళ్లలో అతికించడమే.

వాస్తవం: నమూనా మీ రెజ్యూమె అడగని ప్రశ్నలు అడుగుతుంది. అందులో ముఖ్యమైనది స్కిల్ మ్యాట్రిక్స్ అని మేము పిలిచే పట్టిక. ఒక్కో నైపుణ్యానికి ఎన్నేళ్ల అనుభవం, చివరిగా ఏ సంవత్సరంలో వాడారు, పదికి మీరు వేసుకునే మార్కులెన్ని అని మూడు గళ్లుంటాయి. క్లయింటు దగ్గర మేనేజరు ముందుగా చూసేది ఈ పట్టికనే. చాలాసార్లు ఇదొక్కటే చూస్తారు కూడా.

ఇక్కడ ఒక చిన్న తప్పు తరచూ జరుగుతుంది. ఆరేళ్ల పది నెలల అనుభవాన్ని అభ్యర్థి 6.10 అని రాస్తారు. మేము దానిని మా ఎక్సెల్ ట్రాకర్‌లోకి ఎక్కిస్తాం. ఎక్సెల్ దానిని సంఖ్యగా తీసుకుని చివరి సున్నాను వదిలేసి 6.1 అని చూపిస్తుంది. చదివేవారికి అది ఆరేళ్ల ఒక నెల. తొమ్మిది నెలల అనుభవం అక్కడే ఆవిరైపోతుంది. "6 సంవత్సరాల 10 నెలలు" అని పూర్తిగా రాస్తే ఈ గొడవే ఉండదు.

అపోహ: ఫైలు పంపాక మన పని అయిపోయినట్టే, క్లయింటుకు వెళ్లే ప్రతిని అడిగితే రిక్రూటర్‌కు కోపం వస్తుంది.

వాస్తవం: అడగనివారికే నష్టం జరగడం నేను చూశాను. ఒక జావా డెవలపర్ కథ చెబుతాను. ఆయన మొత్తం అనుభవం 6 సంవత్సరాల 10 నెలలు. అందులో స్ప్రింగ్ బూట్ 4 ఏళ్లు, కాఫ్కా 8 నెలలు. క్లయింటు కాఫ్కాలో కనీసం 3 ఏళ్లు కావాలన్నారు. ఆయన నింపిన పట్టికలో 8 నెలలనే ఉంది. ప్రొఫైల్ పంపింది మేము కాదు, మాలాంటి మరో మధ్యవర్తి సంస్థ, అంటే మరో వెండరు. అక్కడెవరో ఆ గడిలో 3 ఏళ్లు అని మార్చి పంపారు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే "మూడేళ్లుగా కాఫ్కా వాడుతున్నారు కదా, పార్టిషన్లను మళ్లీ పంచినప్పుడు మీకు ఎదురైన ఇబ్బందులు చెప్పండి" అని వచ్చింది. ఆయన నిజం చెప్పారు. ఎదుటివారు తమ దగ్గరున్న ప్రతిని తెర మీద చూపించారు. అబద్ధం రాసింది వెండరే అయినా, ఆ ప్రతిపై ఉన్నది అభ్యర్థి పేరే. ఆ ఇంటర్వ్యూ పది నిమిషాల్లో ముగిసింది.

తరువాత ఆయన మా దగ్గరకు వచ్చినప్పుడు, నేను పంపిన నమూనాకు ఇచ్చిన జవాబు నాకిప్పటికీ గుర్తుంది. మెయిలు ఆంగ్లంలోనే రాశారు కానీ, తెలుగులో దాని సారం ఇది:

"నమస్కారం మేడం. మీరు కోరిన నమూనాను నింపి, వర్డ్ ఫైలుగా జతచేశాను. పోల్చుకోవడానికి వీలుగా ఇదే ప్రతిని పీడీఎఫ్‌గా కూడా పెడుతున్నాను. ఫోన్‌లో మీరు చెప్పిన క్లయింటుకు, జావా డెవలపర్ పోస్టుకు మాత్రమే దీనిని పంపడానికి నా సమ్మతి ఇస్తున్నాను. రూపంలో మార్పులు చేయవచ్చు. నైపుణ్యాలు, సంవత్సరాలు, ప్రాజెక్టు వివరాలలో ఏదైనా మార్చవలసి వస్తే ముందుగా నాకు తెలియజేయండి. క్లయింటుకు పంపిన తుది ప్రతిని నాకు కూడా పంపగలరు. కాఫ్కాలో నా అనుభవం 8 నెలలు మాత్రమే; అది సరిపోతుందో లేదో పంపే ముందే చూడగలరు."

ఈ మెయిలు చదివి నాకు కోపం రాలేదు. నా పని తేలికైంది. ఏ పోస్టుకు, ఏ క్లయింటుకు అన్నది రాతలో ఉండటం మాకూ అవసరమే. ఒకే అభ్యర్థి ప్రొఫైల్ ఇద్దరు వెండర్ల ద్వారా ఒకే క్లయింటుకు చేరితే ముందు ఎవరు పంపారన్న తగాదా మొదలవుతుంది. కొందరు క్లయింట్లు ఆ చిక్కు తమకెందుకని రెండు ప్రతులనూ పక్కన పెడతారు. అమెరికాలో కాంట్రాక్టు ఉద్యోగాలు చేసే మనవాళ్లకు ఈ సమ్మతి మెయిలు ఆర్‌టీఆర్, అంటే రైట్ టు రిప్రజెంట్, అనే పేరుతో బాగా అలవాటే. ఇక్కడ చాలామంది వెండర్లు దానిని అడగరు కాబట్టి మీరే రాసి పంపడం మంచిది. క్లయింటు పేరు చెప్పడానికి రిక్రూటర్ ఇష్టపడకపోతే, కనీసం "ఈ క్లయింటుకు నా ప్రొఫైల్ ఇంతకుముందే వెళ్లి ఉంటే ఆపండి" అని రాసి, ఇప్పటికే వెళ్లిన చోట్ల పేర్లు ఇవ్వండి.

తుది ప్రతి వర్డ్‌లో మీ చేతికి వచ్చాక కళ్లతో వెతుక్కోనక్కరలేదు. వర్డ్‌లో Review కింద Compare అని ఉంటుంది. అక్కడ మీ ప్రతిని, వాళ్ల ప్రతిని ఇస్తే మారిన ప్రతి మాటా రంగులో కనిపిస్తుంది. లోగో, ఫాంటు మారితే వదిలేయండి. అంకె మారితే వెంటనే ఫోన్ చేయండి, చేసి ఆ మాటే మెయిల్లోనూ రాయండి. పీడీఎఫ్‌గా వస్తే మీ దగ్గరున్న పీడీఎఫ్‌తో పక్కపక్కన పెట్టి పట్టిక ఒక్కటైనా చదువుకోండి.

ఇదే వర్డ్ మిమ్మల్నీ పట్టిస్తుంది. ఒకరు నోటీసు గడిలో 90 రోజులను కొట్టేసి 30 అని రాశారు. కానీ Track Changes ఆపకుండానే దిద్ది, అలాగే పంపారు. కొట్టేసిన 90 ఎర్రటి గీతతో మా అందరికీ కనిపించింది. మీ ఫైలు పంపే ముందు File, Info, Check for Issues, ఆపై Inspect Document నొక్కితే మిగిలిపోయిన మార్పులు, వ్యాఖ్యలు, రచయిత పేరు బయటపడతాయి; అక్కడే తీసివేయవచ్చు. నమూనాను స్నేహితుడి దగ్గర తెచ్చుకుని నింపేవారికి ఇది మరీ అవసరం, లేకపోతే రచయిత పేరు చోట స్నేహితుడే ఉంటాడు.

అపోహ: నమూనాలోని ప్రతి గడీ నింపి తీరాలి.

వాస్తవం: అక్కరలేదు, కానీ ఖాళీగా వదలకండి. కొన్ని నమూనాలు పుట్టిన తేదీ, పాన్ నంబరు, తండ్రి పేరు, పెళ్లయిందో లేదో, ఫోటో అన్నీ అడుగుతాయి. వీటిలో కొన్ని ఎప్పుడో ఎవరో తయారుచేసిన నమూనాలో మిగిలిపోయిన గళ్లే తప్ప, ఇప్పుడు ఎవరికీ పనికొచ్చేవి కావు. పుట్టిన తేదీ, పాన్‌లో చివరి నాలుగు అక్షరాలు మాత్రం కొందరు క్లయింట్లు ఒకే వ్యక్తి రెండుసార్లు నమోదు కాకుండా చూసుకోవడానికి వాడతారు. పూర్తి పాన్, ఆధార్, జీతం చీటీలు ప్రొఫైల్ పంపే దశలో మాకు అవసరం లేదు. అవి ఆఫర్, నేపథ్య తనిఖీ దశల పత్రాలు. ఆ గడిలో "ఆఫర్ దశలో ఇస్తాను" అని రాస్తే చాలు. ఖాళీగా వదిలితే మరచిపోయారనుకుని మళ్లీ ఫోన్ చేస్తాం, లేదా తొందరలో ఉన్న రిక్రూటర్ తనకు తోచింది రాసేస్తాడు. పైన చెప్పిన కాఫ్కా గడి చూశారు కదా, ఖాళీ గడి గతి చెప్పాలా!

అపోహ: రిక్రూటర్ పంపిన నమూనా కాబట్టి ఫైలు భద్రమైనదే.

వాస్తవం: నమూనా .docx అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. .docm అని వచ్చి, తెరవగానే Enable Content నొక్కమంటే నొక్కకండి. అలాంటి ఫైలులో మ్యాక్రోలు, అంటే ఫైలు లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు, ఉండవచ్చు; రెజ్యూమె నింపడానికి వాటితో పనే లేదు. ".docx లో మళ్లీ పంపగలరు" అని ఒక్క వాక్యం రాయండి. నిజమైన రిక్రూటర్ అయిదు నిమిషాల్లో పంపుతాడు. "మీ రెజ్యూమెను కంపెనీ నమూనాలోకి మేమే మారుస్తాం, రుసుము ఇంత" అని వస్తే ఆ మెయిలుకు జవాబే అక్కరలేదు. నమూనాలోకి మార్చడం మా జీతంలో భాగమైన పని, దానికి అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోం.