సాయంత్రం నెట్ స్లో: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇళ్లకీ చిన్న ఆఫీసులకీ నెట్‌వర్క్ పని చేస్తుంటాను. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఒకటే మాట: "పొద్దున బాగానే ఉంటది, రాత్రి ఎనిమిదైతే తిరుగుతా ఉంటది." కావలిలో ఒక రిటైర్డ్ లెక్కల టీచర్‌ గారు రాత్రి 8 నుంచి 9 దాకా పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో చెబుతారు. ఆమెది 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. క్లాసు మధ్యలో బోర్డు ఆగిపోతుంది, గొంతు ముక్కలవుతుంది. ఆపరేటర్ కుర్రాడు మర్నాడు ఉదయం 11కి వచ్చి టెస్టు పెట్టి, 94 చూపించి వెళ్లిపోయేవాడు. "నేను అబద్ధం చెబుతున్నట్టే అయిపోయింది అబ్బయా" అని బాధపడ్డారు. ఆ ఇంట్లో చేసిన పని చెబితే ఈ అపోహలన్నీ అందులోనే వస్తాయి.

అపోహ: రాత్రి 9కి తీసిన ఒక్క స్క్రీన్‌షాట్ చాలు, లైన్ మీద లోడ్ ఎక్కువైందని తేలిపోతుంది.

వాస్తవం: తేలదు. రాత్రిపూట నెట్ మందగించడానికి మూడు కారణాలుంటాయి. ఆ మూడూ ఒకే గంటల్లో వస్తాయి. ఒకటి, చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు. అందరూ ఇళ్లకు చేరాక 2.4 గిగాహెర్ట్జ్ గాలి కిక్కిరిసిపోతుంది. రెండు, మన ఇంట్లోనే టీవీ, ఫోన్లు ఒకేసారి నడవడం. మూడోది నిజంగా లైన్ మీద రద్దీ. అంటే వీధి మొత్తం పంచుకునే ఫైబర్ పోర్టులోనో, ఆపరేటర్ పైనుంచి కొనే బ్యాండ్‌విడ్త్‌లోనో చోటు చాలకపోవడం. మొదటి రెండింటినీ పక్కకు తీసేయకపోతే ఎన్ని రోజుల లాగ్ పెట్టినా ఆపరేటర్ "మీ వైఫై సార్" అంటాడు. అలా అనడం తప్పు కూడా కాదు.

నెల్లూరులో ఒక అపార్ట్‌మెంట్‌లో సరిగ్గా అదే జరిగింది. వైఫై మీద రాత్రి 15 నుంచి 20 వచ్చేది. అదే గంటలో లాప్‌టాప్‌కు లాన్ కేబుల్ పెడితే 93. అక్కడ లైన్ తప్పేమీ లేదు. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాం, సరిపోయింది.

అందుకే టీచర్ గారింట్లో పాత లాప్‌టాప్ ఒకటి తీసి, ఆపరేటర్ పెట్టిన, ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌యూ డబ్బాకు నేరుగా కేబుల్ కలిపాను. లాప్‌టాప్ వైఫై ఆపేశాను. వారంలో రెండు రాత్రులు 8 నుంచి 10 దాకా ఇంట్లో ఇంకేదీ నెట్ వాడకుండా చూడమన్నాను. ఆ రెండు రాత్రుల అంకెలు మిగతా రాత్రుల్లాగే ఉంటే, ఇంటి వాడకం అనే మాట కొట్టుకుపోతుంది. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి: డబ్బాలోనో లాప్‌టాప్‌లోనో పోర్టు 100 మెగాబిట్‌దైతే కేబుల్ మీద 94 దగ్గర ఆగిపోతుంది. అది లోపం కాదు.

అపోహ: స్పీడ్ టెస్ట్‌లో ఫుల్ వస్తే లైన్ బాగున్నట్టే.

వాస్తవం: ఏ సర్వర్‌తో కొలిచారన్నదే అసలు విషయం. ఎక్కువ మంది ఇక్కడే మోసపోతారు. టెస్ట్ యాప్ మామూలుగా దగ్గరి సర్వర్‌ను తనే ఎంచుకుంటుంది. చాలాసార్లు అది మీ ఆపరేటర్ సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. అప్పుడు మీరు కొలిచింది మీ ఇంటి నుంచి ఆపరేటర్ గది దాకా ఉన్న దారి మాత్రమే. ఆ గది దాటి చెన్నైకో హైదరాబాద్‌కో పోయే దారి ఇరుకైతే ఆ టెస్టులో కనబడదు. పైగా యాప్ రోజుకో సర్వర్ పట్టుకుంటే నిన్నటి అంకెను నేటి అంకెతో పోల్చలేం.

కాబట్టి సర్వర్ మారకుండా కట్టేయాలి. ఊక్లా వాళ్ల కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌లో `speedtest -L` అంటే దగ్గరి సర్వర్ల నంబర్లు వస్తాయి. ఆపరేటర్ సొంతది ఒకటి, చెన్నైలో వేరే సంస్థది ఒకటి తీసుకున్నాను. లైసెన్స్‌కు ఒప్పుకోమని అడుగుతుంది కాబట్టి మొదటిసారి చేత్తో నడిపాను. తర్వాత, టైము ప్రకారం తనంతట తనే ప్రోగ్రాములు నడిపే లైనక్స్ క్రాన్‌లో ఈ రెండు లైన్లు (నంబర్ల చోట మీ సర్వర్లవి పెట్టుకోండి):

```
0,30 * * * * /usr/bin/speedtest -s 11111 -f json >> ~/bayata.json
10,40 * * * * /usr/bin/speedtest -s 22222 -f json >> ~/lopala.json
```

ఫైలు చదివేటప్పుడు రెండు చోట్ల తడబడతారు. అందులో టైము యూటీసీలో ఉంటుంది, మన టైముకు ఐదున్నర గంటలు కలపాలి. 15:30 అని ఉంటే మన రాత్రి 9. రెండోది, `bandwidth` సెకనుకు బైట్లలో ఉంటుంది. 11750000 కనబడితే ఎనిమిదితో గుణించాలి, అంటే 94 ఎంబీపీఎస్. 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఒక్కో టెస్టుకు డౌన్‌లోడ్, అప్‌లోడ్ కలిపి పావు జీబీ దాకా పోతుంది. ఇలా రెండు సర్వర్లకు రోజుకు 24 జీబీ దాకా అవుతుంది. ప్లాన్‌లో డేటా పరిమితి ఉంటే గంటకోసారికి తగ్గించండి.

అపోహ: వారం సగటు చూపిస్తే ఆపరేటర్ ఒప్పుకుంటాడు.

వాస్తవం: సగటులో రాత్రి మునిగిపోతుంది. తెల్లవారుజామున ఎవరూ వాడని గంటల 94లు అంకెను పైకి లాగేస్తాయి. ప్రతి గంటకూ విడిగా ఏడు రోజుల మధ్యగతం తీయాలి. టీచర్ గారు లెక్కల మనిషి కదా, కాగితం మీద ఆమే వేసేశారు. చెన్నై సర్వర్‌తో ఉదయం 6కి 94, మధ్యాహ్నం 3కి 93, రాత్రి 7కి 71, 9కి 23, పదింటికి 27, ఒంటిగంటకు మళ్లీ 94. నెట్ బంద్ చేసిన రెండు రాత్రులూ 9కి 22, 25. ఆపరేటర్ సొంత సర్వర్‌తో మాత్రం అదే 9 గంటలకు 91!

ఆ 91, 23 పక్కపక్కన పెట్టగానే ఇరుకు ఎక్కడుందో తెలిసిపోయింది. రెండూ పడిపోయి ఉంటే వీధి ఫైబర్ పోర్టును అనుమానించాలి. ఇళ్లకు ఫైబర్ పంచే జీపాన్ పద్ధతిలో ఒక పోర్టు 2.5 జీబీపీఎస్‌ను 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి. ఇక్కడ ఆ దారి ఖాళీగానే ఉంది, ఆపరేటర్ పైన కొన్న లింకు నిండిపోతోంది. పింగ్, అంటే పంపిన సందేశానికి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం, కూడా అదే చెప్పింది: ఆపరేటర్ మొదటి రూటర్‌కు ఎప్పుడూ 3 మిల్లీసెకన్లు, చెన్నైకి పగలు 9, రాత్రి 70 పైన. మధ్యలో ఏదో ఒక్క రూటర్ ఆలస్యంగా జవాబిచ్చి, దాని తర్వాతవి మామూలుగా ఉంటే లెక్కలోకి తీసుకోకండి. పింగ్‌కు జవాబివ్వడం రూటర్లకు చివరి పని. ఆలస్యం అక్కడి నుంచి చివరిదాకా కొనసాగితేనే అర్థముంది.

అపోహ: ఫైబర్ సిగ్నల్ తగ్గినా ఇలాగే ఉంటుంది.

వాస్తవం: సిగ్నల్‌కు గడియారం తెలియదు. ఓఎన్‌యూ పేజీలో ఆప్టికల్ పవర్ వారమంతా మైనస్ 19 డీబీఎం దగ్గరే నిలబడింది. మైనస్ 27 కన్నా కిందికి పోతే చిక్కు. అప్పుడు కూడా లైన్ పగలూ రాత్రీ తెగుతూ ఉంటుంది, ఎనిమిదింటికి మొదలై పన్నెండుకు తగ్గదు.

ఈసారి కుర్రాడి దగ్గరికి కాకుండా ఆ ఒక్క కాగితం, రెండు ఫైళ్లు పట్టుకుని ఆపరేటర్ ఆఫీసుకే వెళ్లాం. అక్కడి ఇంజనీరు తన అప్‌స్ట్రీమ్ లింకు గ్రాఫ్ తెరిచాడు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా గీత పైకప్పుకు ఆనుకుని బల్లపరుపుగా ఉంది. "మేడమ్, మీరు చెప్పింది కరెక్టే" అన్నాడు. పన్నెండు రోజులకు లింకు పెంచారు. మళ్లీ వారం లాగ్ పెట్టాం: రాత్రి 9 మధ్యగతం 86. ఆదివారం రాత్రి ఒక్కటే 61కి దిగింది, దానికోసం లాప్‌టాప్‌ను ఇంకా తీయలేదు.