అపోహలు – వాస్తవాలు: చాట్ బ్యాకప్ ఎందుకు ఆగిపోతుంది, రీస్టోర్ ఎక్కడ ఇరుక్కుంటుంది

పాత ఫోన్‌లోంచి కొత్త ఫోన్‌లోకి డేటా మార్చడం నా రోజువారీ పని. అందులో ఎక్కువ టెన్షన్ పెట్టేది వాట్సాప్ చాట్‌లే. మధ్యలో ఆగిపోయిన చాలా కేసుల్లో కారణం చోటు చాలకపోవడమే. అయితే ఏ చోటు? అకౌంట్‌లోనా, ఫోన్‌లోనా? ఈ రెంటినీ ఒకటే అనుకోవడం దగ్గరే అపోహలు మొదలవుతాయి. ఈ మధ్య నా చేతికి వచ్చిన ఒక కేసు మీదుగా చెబుతాను.

ఒకావిడ స్క్రీన్ పగిలిన ఆండ్రాయిడ్ ఫోన్ తెచ్చారు. చనిపోయిన వాళ్ళమ్మగారి వాయిస్ మెసేజ్‌లు అందులో ఉన్నాయి. "బ్యాకప్ రోజూ రాత్రి రెండింటికి అవుతోందండీ, నేను చూశాను. ఇంట్లో ఉన్న ఈ ఫోన్‌లోకి ఎక్కించండి చాలు" అన్నారు.

అపోహ: రాత్రి రెండింటికి బ్యాకప్ అయిందంటే అంతా క్లౌడ్‌లో ఉన్నట్టే.

రెండింటికి తయారయ్యేది లోకల్ బ్యాకప్. అది ఫోన్ లోపలే, Databases అనే ఫోల్డర్‌లో ఉండే ఫైలు. ఫోన్ పోతే అదీ పోతుంది. క్లౌడ్‌కి వెళ్ళే బ్యాకప్ వేరు. Settings, Chats, Chat backup తెరిస్తే రెండు తేదీలు విడివిడిగా కనిపిస్తాయి: ఒకటి Local, రెండోది గూగుల్ అకౌంట్‌ది. ఆవిడ చూసింది మొదటిది.

తాత్కాలికంగా ఒక స్క్రీన్ బిగించి చూశాను. Local ఎదురుగా ఆ రోజు తెల్లవారుజాము రెండు గంటలు ఉంది. గూగుల్ ఎదురుగా ఉన్న తేదీకి 19 రోజులైంది. అంటే చూడకుండా కొత్త ఫోన్‌లో రీస్టోర్ నొక్కి ఉంటే, ఆ 19 రోజుల మాటలు వచ్చేవి కావు. పాత ఫోన్ ఇంకా పనిచేస్తుంటే నేను ముందు చూసేది ఈ రెండో తేదీనే.

అపోహ: వాట్సాప్ బ్యాకప్ గూగుల్ స్టోరేజ్ లెక్కలోకి రాదు.

ఒకప్పుడు నిజంగానే వచ్చేది కాదు. 2018 చివరి నుంచి ఆండ్రాయిడ్‌లో ఈ బ్యాకప్‌కి కోటా మినహాయింపు ఉండేది. ఆ మినహాయింపు తీసేస్తున్నట్టు 2023 నవంబరులో ప్రకటించారు, 2024లో అందరికీ అమలైంది. ఇప్పుడు ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిల్, ఫోటోలు, డ్రైవ్ ఫైళ్ళు, ఈ బ్యాకప్ అన్నీ సర్దుకోవాలి. ఆవిడ అకౌంట్‌లో ఫోటోలు 9.4 జీబీ, మెయిల్ 2.6, డ్రైవ్ ఫైళ్ళు 0.9, పాత చాట్ బ్యాకప్ 1.9. అంతా కలిపితే 14.8. మిగిలిన 0.2 జీబీలో కొత్త బ్యాకప్ పట్టలేదు, 19 రోజులుగా ఆగిపోతూ వచ్చింది.

అపోహ: గ్యాలరీలో ఫోటోలు తీసేస్తే క్లౌడ్ ఖాళీ అవుతుంది.

ఆవిడ అప్పటికే ఫైల్ మేనేజర్‌లోంచి 4 జీబీ దాకా వీడియోలు తీసేశారు. దాంతో ఫోన్‌లో చోటు పెరిగింది కానీ అకౌంట్‌లో అంగుళం కదల్లేదు. అక్కడికి ఎప్పుడో ఎక్కిన కాపీలు అక్కడే ఉంటాయి. వాటిని గూగుల్ ఫోటోస్ యాప్‌లోంచి తీయాలి. అయితే జాగ్రత్త, అక్కడ తీసేస్తే సింక్ అయిన ఫోటో ఫోన్‌లోంచి కూడా పోతుంది. కావలసినవి ముందే కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకోవాలి. ఇంకొకటి, తీసేసినవి ట్రాష్‌లో ఉన్నంతకాలం కోటాలోనే లెక్క. ట్రాష్ కూడా ఖాళీ చేస్తేనే చోటు వచ్చినట్టు.

మేం మెయిల్‌లోని పెద్ద అటాచ్‌మెంట్లు, ఆవిడ వద్దన్న వీడియోలు కలిపి 3 జీబీ తీసి, ట్రాష్ ఖాళీ చేసి, Back up నొక్కాం. ఈసారి పూర్తయింది, తేదీ మారింది. అంత తీయడం కుదరకపోతే Include videos ఆపేసి బ్యాకప్ చేయవచ్చు. ఆ వీడియోలు కొత్త ఫోన్‌లోకి రావన్న సంగతి ముందే తెలిసి ఆపాలి.

ఐఫోన్‌లో ఈ ఇబ్బంది ఇంకా ముందే వస్తుంది. ఐక్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. పైగా బ్యాకప్ సైజుకి 2.05 రెట్లు ఖాళీ ఉండాలని వాట్సాప్ సహాయ పేజీలోనే ఉంటుంది. 2 జీబీ బ్యాకప్‌కి 4.1 జీబీ ఖాళీ కావాలన్నమాట.

అపోహ: బ్యాకప్ 2 జీబీ అయితే ఫోన్‌లో 2 జీబీ ఖాళీ ఉంటే సరిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఆవిడ తెచ్చిన రెండో ఫోన్ 32 జీబీది, ఖాళీ 2.4 జీబీ. కొత్త బ్యాకప్ సైజు 2 జీబీ. లెక్క ప్రకారం సరిపోవాలి. మెసేజ్‌లు వచ్చాయి, ఆ తర్వాత మీడియా దగ్గర గీత కదలడం మానేసింది.

ఆండ్రాయిడ్‌లో రీస్టోర్ రెండు దశల్లో జరుగుతుంది. మొదట మెసేజ్‌ల ఫైలు దిగుతుంది. అది కుదించి, తాళం వేసిన ఫైలు. దాన్ని విప్పి అసలు డేటాబేస్‌గా రాసుకోవాలి. విప్పాక అది దిగినదానికంటే పెద్దది, విప్పుతున్నంతసేపూ రెండూ ఫోన్‌లోనే ఉండాలి. ఆవిడ విషయంలో దిగిన ఫైలు 0.4 జీబీ, విప్పాక సుమారు 0.9. అంటే 2.4లో 1.1 మిగిలింది. రెండో దశలో రావలసిన ఫోటోలు, వాయిస్‌లు 1.6 జీబీ. అవి పట్టవు. దీనికి తోడు చాలాకాలం తర్వాత వైఫైకి తగిలిన ఫోన్ కాబట్టి ప్లే స్టోర్ యాప్‌ల అప్‌డేట్లు కూడా అప్పుడే దించడం మొదలుపెట్టింది. రీస్టోర్ రోజున నేను ఆటో అప్‌డేట్ ఆపేస్తాను. ఈ ఫోన్‌కి ఆపడం మర్చిపోయాను, అది నా పొరపాటే.

నా అలవాటు ప్రకారం బ్యాకప్ సైజుకి కనీసం రెండింతలు, వీలైతే అంతకన్నా ఎక్కువ ఖాళీ చేసుకుంటాను. తక్కువ ఉంటే కొన్నిసార్లు చోటు చాలదన్న మెసేజ్ వస్తుంది, కొన్నిసార్లు ఏమీ చెప్పకుండా గీత అలా నిలబడిపోతుంది. నెట్ వల్ల ఆగిందా, చోటు వల్లా అని తేల్చుకోవడానికి ఫోన్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి చూడండి. ఖాళీ కొన్ని వందల ఎంబీలకు పడిపోయి ఉంటే కారణం అదే.

అపోహ: ఇరుక్కుంటే తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సరి. లేదంటే Skip నొక్కి తర్వాత చూసుకోవచ్చు.

మెసేజ్‌లు కనిపించి మీడియా మాత్రమే ఆగిందంటే మొదటి దశ దాటేశారు. యాప్ తీసేస్తే ఆ దశ మళ్ళీ మొదటినుంచి చేయాలి. Skip ఇంకా ప్రమాదం. అదే నంబరు, అదే అకౌంట్‌తో తర్వాత జరిగే కొత్త బ్యాకప్ పాతదాని మీదే పడుతుంది. ఖాళీ చాట్‌లతో ఒక్క రాత్రి బ్యాకప్ నడిచిందంటే, గూగుల్ దగ్గర నుంచి వెనక్కి తెచ్చుకోవడానికి పాత కాపీ ఉండదు. పొరపాటున Skip నొక్కినవాళ్ళు వెంటనే Chat backup‌లోకి వెళ్ళి ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేయాలి. పాతది ఇంకా ఉన్నప్పుడే యాప్ తీసి మళ్ళీ వేసుకోవాలి.

వాయిస్ మెసేజ్‌లు రెండో దశలో వస్తాయి. అందుకే ఆవిడకి అమ్మగారి చాట్ మొత్తం కనిపిస్తోంది, ఏ వాయిస్ నొక్కినా పలకడం లేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యాప్ ముట్టుకోవద్దని చెప్పి, అప్‌డేట్లు ఆపి, ఆ ఫోన్‌లో దించిపెట్టుకున్న సినిమాలు, ఆఫ్‌లైన్ మ్యాపులు ఆవిడని అడిగే తీసేశాను. 6 జీబీ ఖాళీ అయింది. ఛార్జర్ పెట్టి, వైఫైలో ఉంచి, యాప్ తెరిచాం. గీత ఆగిన చోటునుంచే కదిలింది. గంటన్నరకి పూర్తయ్యాక ఆవిడ అన్నిటికన్నా పాత వాయిస్ వెతికి నొక్కారు. పలికింది.