రాముడొచ్చాడా, రాముడు వచ్చాడా? సంధి గొడవ వెనక కథ

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం దగ్గరపడుతుంటే తెలుగు వ్యాకరణం మీద తగువు మొదలవుతుంది. ఈసారి దానికి ఒక యూనిట్ టెస్ట్ పేపర్ తోడైంది. ‘ఏమి + ఉన్నది = ఏమున్నది, ఇది ఏ సంధి?’ అన్న ప్రశ్నకు పిల్లాడు ‘ఉత్వసంధి’ అని రాశాడు. మార్కు పోయింది. కలిసిన మాటలో ఉకారమే కనిపిస్తోంది కదా, పిల్లాడి తప్పేముంది అని తండ్రి వాదన. వ్యాకరణం రానివాళ్ళ వల్లే భాష చెడుతోందని అవతలి పక్షం. రెండో రోజుకల్లా మాటలు కలిపి రాయాలా, విడదీసి రాయాలా అన్న పాత గొడవలోకి దిగిపోయారు.

మార్కు సంగతి ముందు తేలుద్దాం. అక్కడ టీచరే రైటు. తెలుగు సంధికి పేరు పెట్టేది కనిపించే అచ్చును బట్టి కాదు, పోయిన అచ్చును బట్టి. ‘ఏమి’ చివర ఉన్న ఇకారం పోయింది కాబట్టి అది ఇత్వసంధి. సంస్కృత సంధిలో ఇలా ఉండదు. రామ, ఆలయం కలిస్తే రామాలయం. రెండు అచ్చులు కలిసి ఒక దీర్ఘం అయ్యాయి. సూర్య, ఉదయం కలిస్తే రెండూ పోయి ఓకారం పుట్టింది. తెలుగులో మాత్రం ముందు మాట చివరి అచ్చు తప్పుకుంటుంది, వెనక మాట మొదటి అచ్చు నిలబడుతుంది. అచ్చుల సంధికి చిన్నయసూరి చెప్పిన నిర్వచనం కూడా ఇదే: పూర్వ, పర స్వరాల స్థానంలో పరస్వరం ఒక్కటే రావడం సంధి.

చిన్నయసూరి పేరు వచ్చింది కాబట్టి అసలు మలుపు దగ్గరికే పోదాం. పదమూడో శతాబ్దంలో తెలుగుకు వ్యాకరణం రాసిన కేతన దగ్గర మొదలుపెట్టి ఆరు వందల ఏళ్ళు నడిచి రానక్కర్లేదు. ఇవాళ్టి తగువుకు మూలం 1858 నాటి బాలవ్యాకరణం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా ఉన్న సూరి, కావ్యాల్లో కవులు పాటించిన పద్ధతులను వడగట్టి పొట్టి పొట్టి సూత్రాలుగా పేర్చాడు. ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి జరగాల్సిందే. అకారానికైతే ‘బహుళం’, అంటే ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట మన ఇష్టం, ఒకచోట ఇంకేదో అవుతుంది. ‘ఏమి’ లాంటి మాటల ఇకారానికి వైకల్పికం, అంటే ‘ఏమున్నది’ అన్నా ‘ఏమియున్నది’ అన్నా ఒప్పే. సంధి జరగనిచోట రెండు అచ్చుల మధ్య యకారం వచ్చి చేరుతుంది.

పనిగా ఇది గొప్పదే, అంత తక్కువ మాటల్లో అంత పట్టు ఇంకెవరికీ కుదరలేదు. చిక్కు వచ్చింది దాన్ని వాడుకున్న తీరులో. పద్యంలో సంధి తప్పితే గణాలు, యతులు తప్పుతాయి కాబట్టి అక్కడ దానికొక పని ఉంది. బడిలో వచనానికి కూడా అదే కొలత పెట్టేసరికి ఏమైందో ఒక్క వాక్యంలో చూడొచ్చు.

‘రాముడు అతనికి పుస్తకములు ఇచ్చి ఇంటికి పోయెను’ అనుకోండి. సూరి బాటలో రాస్తే ‘రాముఁ డతనికిఁ బుస్తకము లిచ్చి యింటికిఁ బోయెను’ అవుతుంది. ‘రాముడు’, ‘పుస్తకములు’ చివర ఉకారాలు పోయి, మిగిలిన హల్లు పక్క మాటకు అతుక్కుంది. ‘అతనికి’, ‘ఇంటికి’ చివర ద్రుతం, అంటే ఒక నకారం, దాగి ఉంటుంది కాబట్టి వాటి తర్వాతి పకారాలు బకారాలయ్యాయి. ‘ఇచ్చి’ అన్నది క్త్వార్థకం, ఒక పని చేసి ఇంకో పనికి పోవడాన్ని చెప్పే రూపం. దాని ఇకారానికి సంధి లేదని సూత్రం. అందుకే ‘ఇంటికి’ ముందు యకారం దిగింది.

ఇప్పుడు అదే మాట ఇంట్లో చెప్పి చూడండి: ‘రాముడతనికి పుస్తకాలిచ్చి ఇంటికెళ్ళాడు.’ ఉకారాలు ఇక్కడా పోయాయి, అంత మటుకు సూరి చెప్పింది మన నోటికి సరిపోయింది. ‘పుస్తకాలు’ మొదటి పకారం మాత్రం బకారం కాలేదు. ‘ఇంటికి’, ‘వెళ్ళాడు’ కలిసి ‘ఇంటికెళ్ళాడు’ అయింది. వకారం హల్లు కాబట్టి సూత్రం ప్రకారం అక్కడ అచ్చుల సంధికి చోటే లేదు. నోరు మాత్రం ‘వెళ్ళాడు’ను ‘ఎళ్ళాడు’గా తీసుకుని సంధి చేసేసింది. ‘ఇంటికొచ్చాడు’ కూడా అంతే.

ఇంతకంటే పెద్ద ఇరకాటం క్త్వార్థకం దగ్గర ఉంది. సంధి లేదని సూత్రం కచ్చితంగా చెప్పిన ఇకారమే మన మాటల్లో రోజూ ఎగిరిపోతుంది. వచ్చి ఉంటాడు, ‘వచ్చుంటాడు’. చేసి ఉన్నాను, ‘చేసున్నాను’. తలుపు తీసి ఉంది, ‘తలుపు తీసుంది’. బాగా చదువుకున్నవాళ్ళు కూడా ‘వచ్చి యుంటాడు’ అనరు. అంటే జనం సంధి మానేయలేదు, ఇంకో పద్ధతిలో చేస్తున్నారు.

దీన్ని చెవితో పట్టుకున్నవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దాని ధ్వనులను రాసిపెట్టినవాడు కాబట్టి మనుషులు మాట్లాడేది వినడం ఆయనకు అలవాటు. 1910ల్లో బడి తెలుగు ఏది కావాలన్న గొడవ రేగినప్పుడు ఆయన చేసిన పని వాదించడం ఒక్కటే కాదు. పాత వచనాన్ని వెతికి తెచ్చి, వ్యవహారంలో ఉన్న రూపాలను పూర్వులు రాతలోనూ వాడారని చూపించాడు. గ్రాంథికమే రాయాలన్న పండితుల వచనాన్ని తీసి, అందులో వాళ్ళ వ్యాకరణం ప్రకారమే తప్పులు ఎన్నున్నాయో లెక్కపెట్టాడు. రాసేవాళ్ళకే నిలవని నియమాన్ని పిల్లల మీద ఎందుకు పెడతారన్నది ఆయన ప్రశ్న. వాక్యం ముగిసినచోట సంధి చేయకపోయినా దోషం కాదని పెద్దలంటారని సూరి కూడా ఒక సూత్రంలో ఒప్పుకున్నాడు. ఆయన పేరు చెప్పి మార్కులు కోసినవాళ్ళకు ఆ సూత్రం పెద్దగా గుర్తున్నట్టు లేదు.

అవతలివైపు జయంతి రామయ్య పంతులు వాదన, ఊరికో మాట ఉన్నప్పుడు అందరికీ ఒక్కటైన భాష గ్రాంథికమేనని. అప్పటికి ప్రభుత్వం దగ్గర ఆ పక్షమే నెగ్గింది. తర్వాత పత్రికలు, కథలు, చివరికి పాఠ్యపుస్తకాలు కూడా వ్యావహారికంలోకి వచ్చేశాయి. అరసున్నలు పోయాయి, ‘ఇచ్చి యింటికి’ పోయింది. మాటల మధ్య ఖాళీ వదిలి రాయడం మామూలైంది. ‘మేనత్త’ను మాత్రం ఎవరూ ‘మేన అత్త’ అని విడదీయరు, ఎందుకంటే అది ఎప్పుడో ఒకే మాట అయిపోయింది. ‘రాముడు వచ్చాడు’ అని విడిగా రాసి ‘రాముడొచ్చాడు’ అని చదివేవాళ్ళే ఎక్కువ. ఫోన్‌లో ‘వచ్చాడు’ అని వెతికితే ‘రాముడొచ్చాడు’ దొరకదన్నది కొత్తగా చేరిన తలనొప్పి.

పాఠం ఇలా మారినా పాఠం చివర వ్యాకరణం పేజీ మారలేదు. పైన ‘వచ్చుంటాడు’ అనే మనుషుల కథ ఉంటుంది, కింద సూరి సూత్రం ఉంటుంది. ఆ యూనిట్ టెస్ట్‌లో ‘ఏమున్నది’ బదులు ‘వచ్చుంటాడు’ ఇచ్చి, విడదీసి సంధి పేరు రాయమని ఉంటే ఏం చేసేవారు? వచ్చి + ఉంటాడు అని విడదీయడం వరకు పిల్లాడికి వస్తుంది. పోయింది ఇకారమే కాబట్టి ఇత్వసంధి అని రాస్తే, క్త్వార్థకానికి సంధి లేదన్న సూత్రం చూపించి ఆ మార్కు కూడా కోయొచ్చు.