దుప్పటి మరక, నలభై చుక్కల లెక్క

"మా వాడికి పదమూడు నిండాయి. నెల రోజులుగా పొద్దున్నే లేచి తన దుప్పటి తనే ఉతుక్కుంటున్నాడు. వాళ్ళమ్మ మురిసిపోతోంది. నిద్రలో వీర్యం పోతోందని నాకు అర్థమైంది గానీ నోరు పెగలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఒక తండ్రి అడిగారు.

దుప్పటి దగ్గరే మొదలుపెట్టండి. కంగారులో పిల్లలు గీజర్ నీళ్ళు పట్టి అందులో ముంచుతారు. వీర్యంలో ప్రోటీన్ ఉంటుంది. వేడి తగిలితే అది తెల్లసొనలా గట్టిపడి నూలుకు పట్టేస్తుంది. మా వాడితో నేను అన్న మొదటి మాట ఇదే: "వేన్నీళ్ళు వద్దురా, చన్నీళ్ళలో నానబెట్టు. నీ వయసులో నాకూ ఇంతే." వాడు తల ఎత్తలేదు. అలాగని లేచి వెళ్ళిపోనూ లేదు.

మీసాలు, మొటిమలు, గొంతు మారడం ఎలాగూ కనబడేవే కాబట్టి వాటి గురించి నేను ఎక్కువ చెప్పలేదు. ఒక్కటి మాత్రం చెప్పాను. ఈ వయసులో దాదాపు సగం మంది అబ్బాయిలకు చనుమొన కింద చిన్న గడ్డలా వచ్చి నొప్పి పెడుతుంది. ఒకటి రెండేళ్ళలో సాధారణంగా అదే పోతుంది.

అప్పుడు వాడు నోరు విప్పాడు. "నలభై రక్తపు చుక్కలు కలిస్తే ఒక వీర్యపు చుక్క అవుతుందట కదా నాన్నా. నాకు రక్తం తగ్గిపోతుందా?"

లెక్క వేద్దాం రమ్మని కాగితం తీశాను. నిద్రలో ఒకసారి పోయేది సుమారు 3 మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాలో సగానికి కాస్త ఎక్కువ. దానికి నలభై రెట్లు 120 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసు రక్తం. మూడుసార్లయితే 360. బ్లడ్ బ్యాంకులో ఒక మనిషి దగ్గర సాధారణంగా తీసుకునేది 350, ఆ తర్వాత మగవాళ్ళను మూడు నెలలు మళ్ళీ రావద్దంటారు. వారానికి మూడుసార్లు అయ్యే కుర్రాడు ఆ మూడు నెలల్లో నాలుగున్నర లీటర్లకు పైగా ఇచ్చేసి ఉండాలి. 45 కిలోల పిల్లవాడి ఒంట్లో మొత్తం రక్తమే మూడు లీటర్ల చిల్లర. "మరి నువ్వు నిన్న సాయంత్రం దాకా క్రికెట్ ఎలా ఆడావు?" అన్నాను. అప్పుడు నవ్వాడు.

రసం రక్తమై, రక్తం మాంసమై, ఏడో మెట్టులో శుక్రం అవుతుందన్న పాత సప్తధాతువుల భావన నుంచి వచ్చిన భయం ఇది. దీన్ని పట్టుకుని కుంగిపోయే యువకులు ఎంతమంది ఉన్నారంటే, 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ దీనికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరే పెట్టారు. నిజానికి ఆ ద్రవంలో ఎక్కువ భాగం వీర్యకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి ఊరించే నీరు, కాస్త చక్కెర. వృషణాల నుంచి వచ్చే కణాల వాటా నూటికి ఐదు కూడా ఉండదు. ప్రోటీన్ 3 మిల్లీలీటర్లకు సుమారు 0.15 గ్రాములు. కోడిగుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. అంటే నలభై సార్లు పోతే ఒక గుడ్డు. నలభై లెక్క సరిపోయేది ఇక్కడే!

నిద్రలో కనుగుడ్లు చకచకా కదిలే దశ దాదాపు గంటన్నరకోసారి వస్తుంది. అంగం గట్టిపడటం ఆ దశలో మామూలే, పసిపిల్లల్లోనూ ఉంటుంది. అందులో వాడి తప్పేమీ లేదు. కలే రానక్కరలేదు. కొందరికి నిద్రలో స్ఖలనం అసలు కాదు, అదీ మామూలే.

ఇక అశ్లీల వీడియోల సంగతి. "చూశావా?" అని అడిగితే అబద్ధం నేర్పినట్టే. "ఎవరో ఒకరు చూపిస్తారు, అప్పుడు ఈ లెక్క గుర్తుంచుకో" అన్నాను. 2005లో ఐదు దేశాల్లో దాదాపు 500 జంటలను సంభోగం ఎంతసేపు సాగుతుందో స్టాప్‌వాచ్‌తో కొలుచుకోమన్నారు. మధ్యస్థ విలువ 5.4 నిమిషాలు. అరగంట వీడియోను కొలబద్ద అనుకున్న కుర్రాడే తర్వాత గోడల మీద 'నరాల బలహీనత' ప్రకటన చూసి డబ్బు కట్టేది. కోతలు, అతుకులు, అవతలి మనిషిని అడగడం, ఆమె వద్దనడం, ఇవేవీ ఆ తెరమీదికి రావు. ఇంకొకటి: పద్దెనిమిది నిండని వాళ్ళ అలాంటి ఫోటో ఎవరు పంపినా ఫార్వర్డ్ చేయకూడదు. ఐటీ చట్టం 67బి కింద అది నేరం, సరదాకి పంపానంటే కుదరదు.

చివరగా, అన్నిటికంటే అత్యవసరమైనది. వృషణం ఉన్నట్టుండి మెలిపడితే దానికి రక్తం ఆగిపోతుంది. ఈ వయసులోనే ఎక్కువ. ఒకవైపు భరించలేని నొప్పి, వాంతి, ఒక్కోసారి పొత్తికడుపులోనే నొప్పి. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేస్తే సాధారణంగా దక్కుతుంది, ఆలస్యమైన కొద్దీ అవకాశం తగ్గుతుంది. సిగ్గుపడే పిల్లవాడు "కడుపునొప్పి" అంటాడు, మనం వాము నీళ్ళిచ్చి పడుకోమంటాం.

"రాత్రి రెండింటికి వస్తే?" అన్నాడు మా వాడు.

"తలుపు కొట్టు. కడుపు అనకు, ఎక్కడ నొప్పో అక్కడే చెప్పు."