4.2 వచ్చిన మనిషికి లెటర్‌లో 2.8 ఎందుకు పడింది?

అప్రైజల్ లెటర్లు వచ్చిన ప్రతిసారీ లేచే గొడవే మళ్లీ లేచింది. మేనేజర్ ఎదురుగా కూర్చుని రేటింగ్ 4.2 అని చెప్పాడు. చేతికొచ్చిన లెటర్‌లో 2.8 ఉంది. అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "నార్మలైజేషన్ అయింది."

ఏడాది మొదట్లో లక్ష్యాలు రాసుకోవడం, వాటికి వెయిటేజీ ఇవ్వడం 1950ల నుంచీ తెలిసిన పద్ధతే. దానిమీద ఇప్పుడు పెద్దగా తగాదా లేదు. అసలు మలుపు 1980లలో వచ్చింది. జాక్ వెల్చ్ నాయకత్వంలో జనరల్ ఎలక్ట్రిక్ ఉద్యోగులను పైన 20, మధ్యలో 70, అడుగున 10 శాతంగా విడదీసింది. అప్పటిదాకా రేటింగ్ అంటే ఒక మనిషి పని గురించిన అభిప్రాయం. ఆ తర్వాత అది పక్కవాళ్లతో పోల్చి ఇచ్చే స్థానంగా మారింది. 2013 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఇలాంటి బలవంతపు ర్యాంకింగ్‌ను వదిలేసింది. మరికొన్ని పెద్ద కంపెనీలూ అటే నడిచాయి. అయితే ర్యాంకింగ్ అనే పేరు పోయినంత మాత్రాన పోలిక పోలేదు. చాలాచోట్ల అది నార్మలైజేషన్ పేరుతో స్ప్రెడ్‌షీట్‌లో ఒక సూత్రంగా మిగిలింది:

```
తుది = కంపెనీ సగటు + (స్కోరు − విభాగ సగటు) ÷ విభాగ SD × కంపెనీ SD
```

SD అంటే స్టాండర్డ్ డీవియేషన్, స్కోర్లు సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే అంకె. నేటి గొడవంతా ఆ భాగహారంలోనే ఉంది. అందుకే ఒక లెక్క చివరిదాకా చేసి చూద్దాం.

ఐదుగురున్న ఒక విభాగం అనుకోండి. లక్ష్యాలు మూడు, వెయిటేజీలు 50, 30, 20 శాతం. మొదటి రెండింటిలో అందరికీ ఒకే స్కోర్లు, 4, 5. అక్కడికి అందరికీ 3.5 వచ్చేసింది. తేడా అంతా మూడో లక్ష్యంలోనే. అది ట్రైనింగ్ పూర్తి చేయడం. మన ఉద్యోగికి మేనేజర్ 4 ఇచ్చాడు, రెండో రేటర్ 3 ఇచ్చాడు. సగటు 3.5, వెయిటేజీతో 0.7. మొత్తం 4.2. మిగతా నలుగురికి 4.3, 4.4, 4.4, 4.5. కాగితంమీద 80 శాతం బరువున్న అసలు పని ఎవరినీ వేరు చేయలేదు. 20 శాతం ట్రైనింగే వరుస తేల్చేసింది.

ఇప్పుడు సూత్రంలో వేద్దాం. విభాగ సగటు 4.36, SD సుమారు 0.1. కంపెనీ సగటు 3.6, SD 0.5 అనుకుంటే 4.2 కాస్తా 2.8 అవుతుంది, 4.5 మాత్రం 4.3 దగ్గర నిలుస్తుంది. 0.3 తేడా దాదాపు 1.5 అయింది. మరో విభాగంలో స్కోర్లు 2.6 నుంచి 4.2 దాకా పరుచుకుని, సగటు 3.4 ఉందనుకోండి. అక్కడ 3.4 వచ్చిన మనిషికి తుది స్కోరు 3.6. మన ఉద్యోగి కంటే చాలా పైన.

హెచ్‌ఆర్ వాదన కొట్టిపారేసేది కాదు. ఒక మేనేజర్ చేయి ధారాళం, ఇంకొకరిది పిసినారి చేయి. సరిచేయకపోతే కఠినమైన మేనేజర్ కింద పనిచేసేవాళ్లు నష్టపోతారు. రేటర్ల తేడా నిజమేనని పరిశోధన కూడా చెబుతోంది. 2000లో స్కలెన్, మౌంట్, గాఫ్ ప్రచురించిన అధ్యయనంలో, రేటింగుల్లో కనిపించే తేడాల్లో సగానికి పైగా రేటింగ్ ఇచ్చేవారి సొంత ధోరణి వల్లే వచ్చాయని తేలింది.

కానీ ఉద్యోగులు అడుగుతున్నది వేరే. విభాగ సగటు 4.36 ఉందంటే మేనేజర్ ధారాళమా, లేక జట్టే నిజంగా బాగా పనిచేసిందా? ఆ సంగతి అంకెలు చెప్పలేవు. ప్రతి విభాగమూ సమానంగానే పనిచేసిందని సూత్రం ముందే అనుకుని కూర్చుంటుంది. పైగా జట్టంతా దగ్గరదగ్గర స్కోర్లు తెచ్చుకుంటే SD చిన్నదై, చిన్న తేడానే కొండంత చేస్తుంది. నా దృష్టిలో ఈ రెండో తప్పుకు సమర్థన లేదు. మన లెక్కలో రెండో రేటర్ 3 బదులు 4 ఇచ్చి ఉంటే అసలు స్కోరు పెరిగేది 0.1. తుది స్కోరు మాత్రం 3.1 దాకా వెళ్లేది.

భాగహారం తీసేసి సగటు తేడా మాత్రమే సరిచేస్తే అదే ఉద్యోగికి 3.44 వస్తుంది. విభాగాల సమానత్వం గురించిన ప్రశ్న అప్పటికీ మిగిలే ఉంటుంది. దాన్ని తేల్చాలంటే రెండు విభాగాల పనినీ ఒకే రేటర్ల బృందం చూడాలి. అంతవరకు లెటర్ అందుకున్నవాళ్లు అడగాల్సినవి మూడు అంకెలు: తమ విభాగ సగటు, దాని SD, ఆ లెక్కలో ఎంతమంది ఉన్నారన్నది. SD 0.1 దగ్గర ఉండి, మనుషులు ఐదారుగురే అయితే, తేడా ఎక్కడ పుట్టిందో చూడటానికి ట్రైనింగ్ లాంటి చిన్న లక్ష్యం వరుసను ముందు తెరవాలి.