గడీ నెత్తిన కాంక్రీటు బీమ్: ఒక అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది

నల్లగొండ వైపు ఒక పాత గడీ. రెండంతస్తుల రాతి గోడలు, పైన టేకు దూలాలు. పై అంతస్తు మూలన ముందు గోడ, పక్క గోడ విడిపోయాయి. ఆ సందు కింద గోరు దూరనంత సన్నగా ఉంది, దూలాల దగ్గరికి వచ్చేసరికి వేలు పట్టేంత వెడల్పయింది. పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే పగులంటే ముందు గోడ బయటికి ఒరుగుతోందని అర్థం. మేస్త్రీ చూసి, "పైన చుట్టూ ఒక బీమ్ తిప్పితే ఖతం సార్, ఇంక కదలదు" అన్నాడు. ఎస్టిమేట్‌లోనూ అదే ఉంది: గోడల నెత్తిన, గోడ మందమంతా, అడుగు ఎత్తు కాంక్రీటు బీమ్.

మేస్త్రీది తప్పనలేం. మనందరికీ ఆ పాఠం 1993 నేర్పింది. ఆ ఏడు సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారిలో భూమి కదిలి, పది వేల మంది దాకా చనిపోయారు. అప్పటి మ్యాపులో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్ 1. 2002లో జోన్ 1ని తీసేసి జోన్ 2లో కలిపారు. ఆ 2002 మ్యాపులో దక్షిణ తెలంగాణలో ఎక్కువ భాగం జోన్ 2లోనే ఉంది. అలాగని ఇక్కడ భూమి కదలదని కాదు. 2020 జనవరిలో పులిచింతల దగ్గర, అంటే ఉమ్మడి నల్లగొండ చివర చింతలపాలెం, మేళ్లచెరువు వైపు, వరసగా కంపించి ఒకసారి నాలుగున్నర తీవ్రత దాకా వెళ్లింది. కిల్లారి తర్వాత కొత్త ఇళ్లకు లింటెల్ దగ్గర, కప్పు దగ్గర కాంక్రీటు పట్టీ వేయడం మామూలైంది. పట్టీతో పాటు కట్టుకుంటూ పోయే కొత్త ఇంటికి అది సరైన పనే. చిక్కంతా దాన్ని తీసుకెళ్లి పాత గోడ నెత్తిన పెట్టినప్పుడే.

ఆ చిక్కును ఇటలీ ముందే చూసింది. 1976లో ఫ్రియులీ భూకంపం తర్వాత అక్కడ పాత రాతి ఇళ్ల చెక్క కప్పులు తీసేసి కాంక్రీటు స్లాబు, దాని చుట్టూ కాంక్రీటు రింగ్ బీమ్ వేయడం రివాజైంది. 1997 సెప్టెంబర్‌లో ఉంబ్రియా, మార్కే ప్రాంతాలు కదిలినప్పుడు ఆ పనికి పరీక్ష ఎదురైంది. అలా 'బలపరిచిన' ఇళ్లు కొన్ని చోట్ల ఏ మరమ్మతూ లేని పక్క ఇళ్లకంటే ఘోరంగా పడ్డాయి. బీమ్ విరగలేదు. బీమ్, స్లాబు ఒక్క ముక్కలా పైన నిలబడితే కింద గోడ దాని కింది నుంచి జారి, బయటి వరస రాళ్లు ఊడిపోయాయి. చాలాచోట్ల ముందుభాగం అందం చెడకూడదని బీమ్‌ను గోడ లోపలి వరస మీదే కూర్చోబెట్టారు. బరువంతా లోపలి వరస మీద పడింది, బయటి వరసను పట్టి ఉంచేది లేకుండా పోయింది.

మన గడీ గోడకూ అదే గుణం ఉంది. బయట ఒక వరస చెక్కిన రాయి, లోపల ఒక వరస నాటు రాయి, మధ్యలో చిప్పరాళ్లు, మట్టి. రెండు వరసలనూ కలిపే పొడుగు రాళ్లు అక్కడొకటి, ఇక్కడొకటి. కాగితం మీద లెక్క వేస్తే ఈ గోడ సంగతి తేలిగ్గా తెలుస్తుంది. పై అంతస్తు గోడ మందం 75 సెం.మీ., ఎత్తు 4 మీటర్లు. గోడ ఒకే ముద్దగా ఉంటే దాన్ని ఒరిగించడానికి దాని బరువులో 19 శాతమంత పక్క తోపు కావాలి (0.75ని 4తో భాగించి చూడండి). వరసలు విడిపోయి బయటి 30 సెం.మీ. ఒంటరిగా నిలబడితే ఏడున్నర శాతం చాలు. జోన్ 2లో తీవ్రమైన కంపానికి మన 2016 భూకంప కోడ్ నేల దగ్గర లెక్కించింది 10 శాతం, పై అంతస్తులో ఊపు ఇంకా పెరుగుతుంది. అంటే గోడ ముద్దగా ఉందా, రెండు పొరలుగా ఉందా అన్నదే అసలు ప్రశ్న. మీటరుకు అర టన్నుపైగా బరువుండే బీమ్‌ను నెత్తిన పెట్టినంత మాత్రాన దానికి జవాబు రాదు. పైగా దాన్ని వేయాలంటే పై రాతి వరసలు, దూలాల చివర్లు పగలగొట్టాలి. రేపు వద్దనుకున్నా వెనక్కి తీయలేం.

బీమ్ బదులు గోడల్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీ దీనికంటే చాలా పాతది. రోమ్‌లో సెయింట్ పీటర్స్ గుమ్మటం పగుళ్లిస్తే 1743లో పొలెని అనే శాస్త్రవేత్త లెక్క వేసి ఇనుప పట్టీలు చుట్టించాడు. 19వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో బయటికి ఒరిగిన గోడల మధ్య కడ్డీలు వేసి, వాటిని కాల్చి, బయట నట్లు బిగించేవారు. చల్లారిన కడ్డీ గోడల్ని దగ్గరికి లాగేది. బండి చక్రానికి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా ఎక్కించడం చూసినవాళ్లకు ఇది వింతేం కాదు.

మన గడీకి ఆ లెక్క ఇలా వస్తుంది. ప్రతి 3 మీటర్లకు ఒక కడ్డీ అనుకుంటే దాని వంతు గోడ 18 టన్నులు. 10 శాతం తోపులో సగం పైభాగానికి వస్తే ఒక్కో కడ్డీ మీద టన్నుకు కాస్త తక్కువ. 20 మి.మీ. మామూలు స్టీలు కడ్డీ ఏడెనిమిది టన్నుల దాకా సాగకుండా మోస్తుంది. కాబట్టి కడ్డీ తెగదు, దాని బయటి ప్లేటు చిన్నదైతే రాళ్ల మధ్యకు గుచ్చుకుపోతుంది. 30 సెం.మీ. చదరపు ప్లేటు, దాని వెనక సున్నపు పరుపు ఉంటే ఆ బెడద ఉండదు. లాగి సరిచేద్దామని బలంగా బిగించడం ఇంకో తప్పు. ఉన్నచోట పట్టి ఉంచితే చాలు. ఏథెన్స్ పార్థెనాన్‌లో గత శతాబ్దం మొదట్లో వేసిన ఇనుప కొక్కేలు తుప్పుపట్టి ఉబ్బి పాలరాయినే పగలగొట్టాయి, తర్వాత వాటి బదులు టైటానియం వేయాల్సి వచ్చింది. అందుకే గోడ లోపల దాగే కడ్డీ ముక్కకు స్టెయిన్‌లెస్ స్టీలే మేలు.

ఇక గ్రౌటింగ్, అంటే గోడ లోపలి ఖాళీల్లోకి పల్చటి పాలలాంటి సున్నమో సిమెంటో పోసి నింపడం. అది వెనక్కి తీయగల పని కాదు. గోడలోకి పోసిన సున్నాన్ని ఎవరు తోడతారు? అయినా గోడను ముద్ద చేసేది ఎక్కువగా అదే కాబట్టి దాన్ని వద్దనను, మందు మాత్రం గోడకు తగ్గట్టుండాలి. సిమెంటు పాలు పోస్తే లవణాలు దిగుతాయి, గట్టిపడిన సిమెంటు పక్కనున్న మెత్తని సున్నంతో కలవదు. తడిలోనూ గట్టిపడే హైడ్రాలిక్ సున్నం పాలు మేలు. కింది వరస కన్నాల నుంచి మొదలుపెట్టి, పై కన్నంలోంచి పాలు కారాక దాన్ని మూసి పైకి పోవాలి. ఒత్తిడి పెంచితే బలహీనమైన వరస ఉబ్బుతుంది, కాబట్టి ఎత్తున పెట్టిన డ్రమ్ము నుంచి వచ్చే ధార చాలు. ఒక్క కన్నం ఆగకుండా తాగేస్తుంటే అది గోడలోకి పోవట్లేదు, ఎక్కడో కారుతోందని లెక్క.

మన గోడలో దీనికొక అడ్డుంది: మధ్యలో ఉన్నది మట్టి. ముందుగా గోడను తడపాలి అంటారు, ఇక్కడ తడిపితే మట్టే కొట్టుకుపోతుంది, సున్నం పాలు మట్టిని పట్టుకోవు. ఇలాంటి గోడకు కిల్లారి తర్వాత వాడిన పద్ధతే నాకు నచ్చుతుంది. మీటరుకొకటి చొప్పున ఒక రాయి తీసి అటూ ఇటూ కన్నం చేసి, కొక్కెం వంచిన సన్న కడ్డీ పెట్టి, రెండు వరసలనూ కలిపేలా నింపడం. అక్కడ కాంక్రీటు నింపారు, గడీలో హైడ్రాలిక్ సున్నపు మోర్టార్ చాలనుకుంటాను. ఇదీ పూర్తిగా వెనక్కి రాని పనే, కానీ గోడలో ఎంతో కొద్ది భాగాన్నే తాకుతుంది.

గడీలో చివరికి కుదిరిన వరస: ముందు రెండు పొరల్ని కలిపే కొక్కేలు, సున్నం ఉన్న మూలల్లో మాత్రం గ్రౌటు, ఆ తర్వాత దూలాల పక్కన అడ్డంగా కడ్డీలు. బీమ్ లైను ఎస్టిమేట్‌లో కొట్టేశాం. 6 మీటర్ల కడ్డీ 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒకటిన్నర మి.మీ. సాగుతుంది, కాబట్టి మే నెలలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి నట్లు చూడాలి. "స్పానర్ ఎవరి దగ్గర పెట్టాలి సార్?" అన్నాడు మేస్త్రీ. వాచ్‌మన్ గదిలో మేకుకు తగిలించి, పక్కన గోడ మీద నట్టు సైజు రాయించాం.