నైస్ అంటే మంచిదేనా? మారిన మాటల మీద కొన్ని అపోహలు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చే అనువాదాలు సరిచూడటం నా పని. ఆమధ్య రోమియో జూలియట్ అనువాదం ఒకటి నా చేతికి వచ్చింది. అందులో ఐదో అంకంలో, తాను పంపిన ఉత్తరం రోమియోకి చేరలేదని తెలిసి సన్యాసి లారెన్స్ కంగారుపడే చోట "ఆ ఉత్తరం మంచిది కాదు" అని ఉంది. మూలం తీసి చూస్తే నిజంగానే 'నాట్ నైస్' అనే ఉంది. అయినా అనువాదం తప్పు.

అపోహ: తెలిసిన మాటకి నిఘంటువు ఎందుకు?

తెలియని మాట దగ్గర ఎవరైనా ఆగి వెతుకుతారు. బోల్తా కొట్టించేవి తెలిసిన మాటలే. షేక్‌స్పియర్ కాలంలో నైస్‌కి ఉన్న అర్థాల్లో 'అల్పమైన, పట్టించుకోనక్కర్లేని' అనేది ఒకటి. ఆ వాక్యం పూర్తిగా చదివితే "నాట్ నైస్, బట్ ఫుల్ ఆఫ్ చార్జ్" అని ఉంటుంది. 'కానీ' తర్వాత బరువైన విషయం అని వచ్చింది కాబట్టి, దాని ముందున్నది తేలికైన విషయం అయి ఉండాలి. 'మంచిది కాదు, కానీ ముఖ్యమైనది' అన్నా పైకి అతికినట్టే ఉంటుంది. అందుకే ఇలాంటి తప్పు కంట పడదు.

అనుమానం వస్తే అదే రచయిత ఆ మాటని ఇంకెక్కడ వాడాడో చూస్తాను. ఈ నాటకంలోనే మూడో అంకంలో రోమియో మిత్రుడు బెన్వోలియో, ఆ తగాదా ఎంత 'నైస్' విషయమో ఆలోచించమని రోమియో బతిమాలాడని చెబుతాడు. కత్తులు దూసుకునే చోట 'ఎంత మంచి తగాదా' అనడు కదా. 'ఎంత చిన్న తగాదా' అన్నాడు. అనువాదకుడికి రెండు చోట్లూ చూపిస్తే "ఆ ఉత్తరం ఆషామాషీది కాదు" అని మార్చాడు. నాకు నచ్చింది.

అపోహ: మొట్టమొదటి అర్థమే అసలైన అర్థం.

నాకు ఎక్కువగా ఎదురయ్యే వాదన ఇదే. లాటిన్‌లో 'నెస్కియుస్' అంటే తెలియనివాడు. అది ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు నైస్ అంటే తెలివితక్కువవాడు. తర్వాత చాదస్తం, సున్నితం, నిక్కచ్చితనం, ఇలా దారులు పట్టింది. 'బాగుంది' అనే అర్థం 18వ శతాబ్దం రెండో సగంలో గాని స్థిరపడలేదు. మొదటిదే అసలైతే, ఎవరైనా మనల్ని నైస్ అన్నప్పుడల్లా గొడవకి దిగాలి.

మన నూనె సంగతే చూడండి. ఆ మాటకి మొదటి అర్థం నువ్వుల నెయ్యి. అలాగని కొబ్బరి నూనె అన్నవాళ్లని ఎవరూ సరిదిద్దరు.

1817 చివర్లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల 'నార్తాంగర్ ఆబీ'లో ఈ చాదస్తం మీద ఒక సన్నివేశం ఉంది. కేథరిన్ ఒక పుస్తకాన్ని నైస్ అంటుంది. పొందికగా ఉందనా, అది బైండింగ్‌ని బట్టి ఉంటుంది అంటూ హెన్రీ టిల్నీ ఎగతాళి చేస్తాడు. అతను పట్టుకు వేలాడే అర్థం కూడా మొదటిది కాదు, నడుమ వచ్చిందే! అతని చెల్లెలు ఊరుకోదు. ఆ మాట నీకే సరిపోతుంది, అదీ పొగడ్తగా కాదు, నీకు తెలివికన్నా నైస్ ఎక్కువ అంటుంది. అంటే చాదస్తం ఎక్కువ అని. కొత్త అర్థం, పాత అర్థం ఒకే షికారులో, ఒకే సంభాషణలో ఉన్నాయి. మాట ఫలానా రోజున మారిందని చెప్పలేకపోయేది ఇందుకే.

అపోహ: రాజుగారు సెయింట్ పాల్స్ చర్చిని 'ఆఫుల్' అని మెచ్చుకున్నారు.

లండన్‌లో క్రిస్టఫర్ రెన్ కట్టిన చర్చిని చూసి రాజు "అమ్యూజింగ్, ఆఫుల్, ఆర్టిఫిషియల్" అన్నాడనీ, అప్పట్లో అవి పొగడ్తలనీ చెబుతుంటారు. ఒకరు రెండో చార్లెస్ అంటారు, ఒకరు రెండో జేమ్స్, మరొకరు ఆన్ రాణి. చార్లెస్ 1685లోనే చనిపోయాడు, జేమ్స్ 1688లో దేశం వదిలి పారిపోయాడు. అందులో మొదటి ప్రార్థన జరిగింది 1697లో. ఇక ఆన్ కాలానికి తేదీలు కుదురుతాయి గానీ, ఈ కథ చెప్పేవాళ్లు అప్పటి కాగితమేదీ చూపించరు.

కథ కల్పితంలా ఉన్నా అర్థాలు మాత్రం నిజమే. ఆఫుల్ అంటే భయభక్తులు కలిగించేది. 'ఘోరంగా ఉంది' అనే వాడకం 19వ శతాబ్దం మొదట్లో వచ్చింది. ఆర్టిఫిషియల్‌కైతే రాతపూర్వక సాక్ష్యమే ఉంది. 1675లో రెన్ నమూనాకి అనుమతిస్తూ చార్లెస్ ఇచ్చిన ఉత్తర్వులో, అది 'వెరీ ఆర్టిఫిషియల్, ప్రాపర్ అండ్ యూస్‌ఫుల్' అని రాసి ఉంది. అక్కడ ఆర్టిఫిషియల్ అంటే నేర్పుగా కూర్చినది. ఇప్పటి అర్థంతో చదివితే, నమూనా బొత్తిగా కృత్రిమంగా ఉంది కాబట్టి కట్టుకోండి అని రాజుగారు సంతకం పెట్టినట్టుంటుంది.